నలభైకీ ఆరుకీ మధ్య

ఇద్దరి మధ్య తగువొస్తే ఇటు కొంచెం అటు కొంచెం జరిపి మధ్యలో తెగ్గొట్టడం మా వైపు ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. గట్టు తగాదా అయినా, ఎడ్ల బేరమైనా అంతే. పెద్దమనిషి ఇద్దరి మాటా వింటాడు, నడిమి అంకె చెబుతాడు, కాఫీలు తెప్పిస్తాడు. నేను గుంటూరులో చార్టర్డ్ అకౌంటెంటుని. నా చదువు వేరు, ఆ విద్య వేరు అనుకుని పదిహేనేళ్లు బతికాను. ఒక ఏప్రిల్ సోమవారం నాడు రెండూ కలిసిపోయి, మా మేనమామ పొలం మీదికి తెచ్చాయి.

మేనమామది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. చాలా ఏళ్ల క్రితం ఆయనా, ఆయన స్నేహితుడూ కలిసి పెదకాకాని దాటాక ఒక కోల్డ్ స్టోరేజీ కట్టారు. కంపెనీగా పెట్టుకున్నారు. మొత్తం పదివేల షేర్లు. మామయ్యవి ఆరువేలు, స్నేహితుడివి నాలుగువేలు. ఆ స్నేహితుణ్ణి నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన భార్యని పిన్ని అంటాను. చుట్టరికం లేదు, అలవాటు అంతే.

బాబాయ్ గుండెపోటుతో పోయాడు. ఏడాది తిరక్కముందే పిన్ని తన వాటా అమ్మేస్తానంది. "మీ బాబాయ్ లేని చోట నాకేం పని? నా డబ్బు నాకిచ్చేస్తే నా బతుకు నేను బతుకుతా" అంది. కొనాల్సింది మామయ్య. ఎంతకు అన్నదే ప్రశ్న. ఇలాంటి కంపెనీ షేర్లకి బజారులో రేటుండదు, ఎవరో ఒకరు లెక్కగట్టి చెప్పాలి. ఇద్దరూ నా పేరే చెప్పారు.

వద్దనాల్సింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కానీ రెండు ఇళ్లవాళ్లూ నన్నే నమ్మారన్న గర్వం నాకుండింది, దాచుకోవడం దేనికి. మామయ్య ఇంకో అడుగు ముందుకేసి మాట కూడా ఇచ్చేశాడు.

"అమ్మాయి ఎంతంటే అంత. నేను నోరెత్తను."

నాకప్పుడే భయం వెయ్యాల్సింది. ఆయన చేతిలో ఉన్న రొక్కం, బ్యాంకు ఇచ్చే అప్పు కలిపితే ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే ఆయన దగ్గర మిగిలేది అద్దంకి వైపు ఎనిమిదెకరాల నల్లరేగడి, వాళ్ల నాన్న ఇచ్చింది. నేను చెప్పే అంకె పెద్దదైతే అది పోతుంది. చిన్నదైతే మొగుడు పోయిన మనిషి మోసపోతుంది.

సోమవారం కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో కూర్చున్నాం. బయట లారీల్లోంచి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దించుతున్నారు. ఆ ఘాటుకి గదిలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. మామయ్య, పిన్ని, పిన్ని తమ్ముడు, పెద్దమనిషిగా ఒక జిన్నింగు మిల్లు యజమాని. తమ్ముడు ఒంగోలులో షేర్ల బ్రోకరు ఆఫీసు నడుపుతాడు, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. జిన్నింగు మిల్లాయన ముప్పై ఏళ్లుగా పత్తిలో ఉన్న మనిషి, ఆయన మాటకి రెండువైపులా విలువుంది.

తమ్ముడు ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదిగోండి, మసాలా పొడుల కంపెనీ. మార్కెట్లో పీఈ నలభై. మనదీ మిర్చి వ్యాపారమే కదండీ. పోయినేడు మన కంపెనీకి షేరుకి ఏడొందలు లాభం వచ్చింది. నలభైతో వెయ్యండి."

"ఆగు నాయనా" అన్నాడు పెద్దమనిషి. "నా దగ్గర స్పిన్నింగు మిల్లు షేర్లున్నాయి. దాని పీఈ ఆరు. అదీ పంట మీద బతికేదే, ఇదీ పంట మీద బతికేదే. ఆరుతో వెయ్యి."

పిన్ని నా వైపు తిరిగింది. "అసలు ఈ పీఈ అంటే ఏంటమ్మా?"

దానికి మాత్రం నేను బాగానే చెప్పాను. "ఎకరం ధరని ఏడాది కౌలుతో భాగించి చూడు పిన్నీ. ఎన్నేళ్ల కౌలు పోసి పొలం కొన్నట్టో తెలుస్తుంది. షేరు ధరని షేరుకొచ్చే ఏడాది లాభంతో భాగిస్తే వచ్చేదే పీఈ. నలభై అంటే, ఆ కంపెనీ సంపాదించే ఒక్కో రూపాయికీ జనం నలభై రూపాయలు పెడుతున్నారని. ఆరంటే ఆరు రూపాయలు."

"అయితే మనకెంత?"

అందరూ నన్నే చూస్తున్నారు. తమ్ముడు నలభై దగ్గర నించి కదలడు, పెద్దాయన ఆరు దగ్గర నించి కదలడు. గొంతులు పెరుగుతున్నాయి. పిన్ని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాకు ఆ గదిలోంచి అందరం మర్యాదగా బయటపడితే చాలనిపించింది. నలభైనీ ఆరునీ కూడి రెండుతో భాగించాను.

"ఇరవై మూడు" అన్నాను.

ఏడొందలని ఇరవై మూడుతో వేస్తే షేరు పదహారువేల నూరు. పెద్దమనిషి తల ఊపాడు. తమ్ముడు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. మామయ్య నోరెత్తలేదు. మాట ఇచ్చాడుగా. "అయితే గురువారం సంతకాలు" అన్నాడు పెద్దమనిషి, కాఫీలొచ్చాయి. నేను కూడా తాగాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

మంగళవారం పొద్దున్నే కాగితాలు రాయడానికి నాలుగేళ్ల లెక్కలు తెచ్చుకుందామని మళ్లీ వెళ్లాను. అంకె చెప్పాక లెక్కలు తెచ్చుకోవడమేంటని మీరడగొచ్చు. నేనూ నన్ను అదే అడుగుతున్నాను. ఆఫీసులో మేనేజరు ఫైళ్లు వెతుకుతుంటే, లోపల గదులు కిటకిటలాడుతున్నాయి కదా, వ్యాపారం బాగున్నట్టుందే అన్నాను, మాటవరసకి.

"ఇదంతా కొత్త సరుకే కాదండీ" అన్నాడు ఆయన. "పోయినేడు రేటు పడిపోయింది కదా. రైతులు అమ్మకుండా లోపలే ఉంచేశారు. పాత టిక్కీలకి రెండో సీజను అద్దె కూడా పడింది. మామూలుగా ఏటా సగం గదులు ఖాళీగానే ఉంటాయండి. రైతు ఏడ్చిన ఏడాదే మనం నవ్వేది."

ఫైళ్లు అక్కడే బల్ల మీద తెరిచాను. పోయినేడు షేరుకి ఏడొందలు. అంతకు ముందు మూడేళ్లలో నాలుగొందలకి కాస్త అటూ ఇటూ. అంటే నేను గుణించింది ఈ కంపెనీ సంపాదనని కాదు, మిర్చి రైతు నష్టపోయిన ఒకే ఒక్క ఏడాదిని. మిర్చి రేటు ఆకాశానికెళ్లిన ఏడాది పలికిన కౌలు పట్టుకుని పొలం ధర కట్టేవాణ్ణి మా ఊళ్లో ఎవరైనా మనిషి కింద లెక్కేస్తారా? షేరు అనేసరికి నేనూ, షేర్ల బ్రోకరూ, ముప్పై ఏళ్ల పత్తి అనుభవమూ, అందరం అదే పని చేశాం.

అదొక తప్పు. రెండోది ఇంకా సిగ్గుపడాల్సింది. మసాలా కంపెనీ పొట్లం మీద దాని పేరుంటుంది. జనం ఆ పేరు చూసి కొంటారు. ఇంకో రాష్ట్రంలో అమ్మాలంటే ఇంకో కోల్డ్ స్టోరేజీ కట్టక్కర్లేదు. లాభం ఏటేటా పెరుగుతుందన్న ఆశ మీద నలభై పెడుతున్నారు. మాది ఖాళీ జాగా అద్దెకిచ్చే పని. గదులు నిండాయా, అంతే, ఆపైన ఒక్క టిక్కీ పట్టాలన్నా కోట్లు పోసి గది కట్టాలి. రెండిటికీ మిర్చి అన్న మాట తప్ప పోలికే లేదు. ఇక స్పిన్నింగు మిల్లు ఆరు. అది చవక కాదు. పత్తి చవగ్గా దొరికి నూలు ప్రియంగా అమ్ముడుపోయిన మంచి ఏడాది లాభంతో భాగించిన అంకె అది, ఆ లాభం నిలవదని మార్కెట్‌కి తెలుసు, మిల్లుకి అప్పు కూడా ఎక్కువే, అందుకని ఆరుకి మించి పెట్టట్లేదు. ఒక్కో అంకె దాని దాని వ్యాపారంలోనే అర్థమవుతుంది. మేలైన తేజ రకం మిర్చి రేటునీ, రంగు పోయిన తాలు కాయల రేటునీ కూడి సగం చేస్తే ఏ మిర్చికీ చెందని రేటొస్తుంది. నా ఇరవై మూడు అలాంటిదే.

అక్కణ్ణించి నేరుగా మామయ్య ఇంటికెళ్లాను. ఆయన భోజనానికి కూర్చున్నాడు. పీట పక్కన పొలం పాసుపుస్తకాలున్న సంచి ఉంది.

"పొద్దున అద్దంకి వెళ్లొచ్చా" అన్నాడు. "చూడ్డానికి ఇద్దరొచ్చారు. ఎనిమిదీ తీసుకుంటారంట."

"మామయ్యా, నీకు అనుమానం రాలేదా? ఆ డబ్బుతో కొత్తగా ఇంకోటి కట్టొచ్చు కదా."

"వచ్చింది. కొత్తది కట్టినా నూటికి నలభై వాటాకి ఇంత కాదే అనిపించింది. ఆ షేర్ల లెక్క నాకేం తెలుసు? నువ్వు చదువుకున్నదానివి." అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. "నోరెత్తనని చెప్పాను కూడా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవలేక చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకెళ్లాను.

బుధవారమంతా ఫోన్లు చేశాను. ఈ రెండు మూడేళ్లలో చుట్టుపక్కల చేతులు మారిన కోల్డ్ స్టోరేజీలు ఏవో, వాటి మామూలు ఏడాది లాభానికి ఎన్ని రెట్లు పలికాయో తెలిసిన ఆడిటర్లని అడిగాను. పదికి పైన, పదమూడుకి లోపల. పన్నెండు వేసుకున్నాను. మామూలు ఏడాది నాలుగొందలకి షేరు నాలుగువేల ఎనిమిదొందలు. సోమవారం చెప్పినదాంట్లో మూడో వంతుకి తక్కువ. ఈ లెక్కకైతే మామయ్య పొలం జోలికి వెళ్లక్కర్లేదు.

గురువారం అదే గది, అవే కుర్చీలు. కాగితాలు తెచ్చావా అని పెద్దమనిషి అడిగాడు. తేలేదన్నాను. నేను చెప్పిన అంకె తప్పు అన్నాను. ఎందుకు తప్పో, ఇప్పుడు మీకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పాను. కొత్త అంకె చెప్పేసరికి గదిలో తుమ్ములు కూడా ఆగిపోయాయి.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "బాగుందండీ. సోమవారం పదహారువేలు, గురువారం అయిదువేలు కూడా కాదు. మధ్యలో మేనమామగారింట్లో భోజనం చేసొచ్చినట్టున్నారు."

"భోజనం చెయ్యలేదు" అన్నాను. అంతకంటే తెలివైన జవాబు ఆ సమయానికి దొరకలేదు.

"పెద్దల్లో చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదమ్మాయ్" అన్నాడు పెద్దమనిషి. ఆయన చెప్పిన ఆరు కంటే నా పన్నెండు రెట్టింపు అన్న సంగతి ఆయనకి తట్టనేలేదు. "రేపు ఇంకో మాట చెప్పవని ఏంటి?"

మామయ్య మాత్రం "నేను సోమవారం మాటకే కట్టుబడ్డాను. అదే రాయండి" అన్నాడు. ఆ మొండితనానికి ఆయన మీద కూడా నాకు మండింది.

పిన్ని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నన్నే చూస్తోంది. చివరికి అంది, "కూర్చోరా" అని తమ్ముణ్ణి. తర్వాత నాతో, చాలా మామూలుగా:

"నువ్వు చెప్పింది నాకు అర్థమైందమ్మా. ఒక్క ఏడాది లాభం పట్టుకుని కొలవకూడదు, అది నిజమే. ఆ మసాలా కంపెనీ వేరు, మనం వేరు. ఒప్పుకుంటా. నాకు ఒకటే చెప్పు. నీ లెక్కలో నష్టం మీ మామయ్యకి కాకుండా నాకొచ్చుంటే, ఈ రెండు రోజులూ నువ్వు ఇంతలా వెతికేదానివా?"

వెతికేదాన్నని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ అది నిజమో కాదో నాకే తెలియదు. బుధవారమంతా నేను ఫోన్లు చేసింది నిజం కోసమే, కానీ నా కళ్ల ముందున్నది పీట పక్కన ఉన్న ఆ సంచి. అందులో పిన్ని ఎక్కడా లేదు. ఆ ఆడమనిషి నా లోపల చెయ్యి పెట్టి తీసి చూపించినట్టయింది.

"సాయంత్రం దాకా టైమివ్వు పిన్నీ" అన్నాను. "ఈసారి నీ వైపు నించి వెతుకుతా."

ఎవరూ లేచి వెళ్లలేదు. నేను పక్క గదిలో ఫైళ్లు పరుచుకుని కూర్చున్నాను. ఈ కంపెనీ పిన్నిదే, కొనేవాడు నాకు శత్రువు, అనుకుని ఒక్కో కాగితం తిప్పాను. లాభం ఎంత అని కాదు, లాభంలోకి రానిదేముంది అని చూశాను. పీఈకి ఒక గుడ్డితనం ఉంది. సంపాదించేదాన్నే అది చూస్తుంది. ఊరికే పడున్న ఆస్తి ఒక్క రూపాయి తేకపోతే, దాన్ని పన్నెండుతో గుణించినా నలభైతో గుణించినా సున్నాయే.

భూముల పద్దు కింద ఒకే అంకె ఉంది. చాలా పాత అంకె. స్టోరేజీ ఉన్న స్థలం కొన్న దస్తావేజు తీసి చూస్తే దాని ధర ఆ అంకెకి సరిపోలేదు, కొంత మిగిలింది. ఆ మిగిలినదానికి కాగితమేదని మేనేజర్ని అడిగితే, బీరువా అడుగు నించి ఇంకో దస్తావేజు తీసిచ్చాడు. సింగరాయకొండ దగ్గర హైవే పక్కన రెండెకరాలు. ఒంగోలు వైపు రైతుల కోసం అక్కడ రెండో స్టోరేజీ కట్టాలని ఇద్దరు స్నేహితులూ ఎప్పుడో కంపెనీ పేరున కొన్నారట, తర్వాత మానుకున్నారట. లెక్కల్లో అప్పటి కొన్న ధరే ఉంది. ఇప్పుడక్కడ ఎంతుందో విచారిస్తే, ఎంత తగ్గించి చూసుకున్నా షేరుకి రెండువేలు కలుస్తుంది.

మామయ్యని బయటికి పిలిచాను. లారీ నీడలో నిలబడ్డాం.

"సింగరాయకొండ స్థలం సంగతి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన తల తిప్పుకున్నాడు. యార్డులో ఏళ్ల తరబడి రైతుల కళ్లలోకి చూసి రేటు చెప్పిన మనిషి.

"నువ్వు అడగలేదుగా."

"సోమవారం అయితే సరే. నేను చెప్పిన ఎక్కువ అంకెలో అదీ కలిసిపోయుండేది. ఇవాళ నేను తగ్గించాక?"

"ఇవాళ నేను సోమవారం మాటే రాయమన్నాను" అన్నాడు. తర్వాత, దించుతున్న టిక్కీల వైపు చూస్తూ, "నువ్వు తగ్గించాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఊరుకున్నా. పొలం మిగులుతుందనిపించింది" అన్నాడు.

నన్ను కన్నతండ్రిలా పెంచిన మనిషి. ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత జాలీ ఎప్పుడూ వెయ్యలేదు. రెండెకరాలూ అమ్మి పిన్ని వాటా పిన్నికిచ్చేద్దామా అన్నాను. వచ్చే నెలకో, వచ్చే ఏడాదికో, ఎప్పుడు అమ్ముడుపోతుందో ఎవరు చెప్పగలరు, పిన్నిని అన్నాళ్లు కూర్చోబెడతామా అన్నాడు. అది ఆయనే అన్నాడు, నేను కాదు.

లోపలికెళ్లి చెప్పాను. వ్యాపారానికి నాలుగువేల ఎనిమిదొందలు, స్థలానికి రెండువేలు, షేరు ఆరువేల ఎనిమిదొందలు. తమ్ముడు స్థలం దస్తావేజు రెండుసార్లు చదివాడు. మడిచి పిన్ని చేతికిచ్చాడు. పెద్దమనిషి అలవాటు చొప్పున ఇటు కొంచెం జరిపి ఏడువేలు చేద్దామన్నాడు. నేను వద్దన్నాను. పిన్ని కూడా వద్దంది. సంతకం పెట్టేటప్పుడు తన నాలుగువేల షేర్ల కాగితం మీద బాబాయ్ సంతకం కనిపించి కాసేపు ఆగింది, తర్వాత పెట్టేసింది. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది. తను అడిగినదానికి జవాబు ఆమెకీ దొరకలేదేమో.

పై రెండువేలు మామయ్య హద్దుకి అవతల పడ్డాయి. పొలం అమ్మనక్కర్లేదు గానీ తాకట్టు పెట్టక తప్పలేదు. పది రోజుల తర్వాత బ్యాంకుకి నేనే తీసుకెళ్లాను. మేనేజరు కాగితాలు తిరగేసి, షేరు విలువ ఎవరు కట్టారండీ అని అడిగాడు.

"మా మేనకోడలు" అన్నాడు మామయ్య. పెన్ను తీసుకుని ఎనిమిదెకరాల మీదా ఒక్కో పేజీ సంతకం పెట్టుకుంటూ వెళ్లాడు. ఆఖరి పేజీ దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, మేనేజరుతోనే అన్నాడు.

"నేను దాచింది కూడా తీసి రాసిందండీ. ఆ అంకె మీద మీరు అనుమానం పెట్టుకోనక్కర్లేదు."